చివరి ఫారం ఊడిపోయిన నవల

కాజీపేట నుంచి సికింద్రాబాదుకు 132 కిలోమీటర్లు. రైల్వేవాళ్లు 150 కిలోమీటర్ల దాకా సీజన్ టికెట్ ఇస్తారు కాబట్టి రోజూ అంత దూరం వెళ్లొచ్చే గుమాస్తా కథ కోసం పుట్టించిన మనిషేమీ కాదు. అతని చేతిలో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న 240 పేజీల నవల ఉందనుకుందాం. నిన్న 200వ పేజీ దగ్గర ఆపాడు. ఈ చివరి ప్రకరణాలు అతని ప్రయాణాన్ని మార్చాలి. ఎలా?

చాలా కథలు ఇక్కడే బోల్తా పడతాయి. ముగింపు చదవగానే అతని కళ్లు చెమ్మగిల్లుతాయి, రైలు దిగి భార్యకు ఫోన్ చేస్తాడు. కానీ ఆ నవల చదివింది అతను, మనం కాదు. చదవని పుస్తకానికి ఎవరో ఏడ్చారంటే పాఠకుడు ఎందుకు నమ్ముతాడు? అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసర్ ‘పార్కుల కొనసాగింపు’ అనే రెండు పేజీల కథలో ఈ చిక్కు తప్పించుకున్నాడు. అందులోనూ ఒకాయన రైల్లో నవల తెరిచి, ఇంటికెళ్లి కుర్చీలో కూర్చుని చివరి ప్రకరణాలు చదువుతాడు. ఆ ప్రకరణాల్లో జరిగేది మనకూ కనిపిస్తుంది. నవల్లోని హంతకుడు వచ్చేది ఆ కుర్చీ వెనక్కే.

మళ్లీ అలాంటిది రాస్తే అనుకరణే అవుతుంది. నాకు తోచిన దారి మరొకటి. పుస్తకాన్ని పదహారు పేజీల ఫారాలుగా కుట్టి, వీపున జిగురుతో అట్ట అంటిస్తారు. పది చేతులు మారాక జిగురు ఎండి, వెనక అట్టతోపాటు చివరి ఫారం ఊడొస్తుంది. అద్దె షాపు నవలలకు ఇది మామూలు జబ్బే. పేజీకి రెండు నిమిషాలు వేసుకుంటే జనగామ వచ్చేసరికి అతను 224వ పేజీకి చేరతాడు. అక్కడ వాక్యం సగంలో తెగిపోతుంది.

ఘన్‌పూర్‌లో ఎక్కి రోజూ ఎదురుగా కూర్చునే ఆవిడ అట్ట చూసి, “అది నా పెళ్లికి ముందు చదివానండీ” అంటుంది. మూడేళ్లుగా వాళ్ల మధ్య “కొంచెం జరగండి” తప్ప మాటల్లేవు. ఆవిడ ముగింపు చెప్పడం మొదలుపెడుతుంది. ఆలేరు దగ్గర నాయిక ఉద్యోగంలో చేరుతుంది, భువనగిరి దగ్గర అబ్బాయి తిరిగొస్తాడు. “కాదు కాదు, రాలేదనుకుంటా. వస్తే ఆమె ఉద్యోగం మానేయాల్సొచ్చేది” అని ఆవిడే దిద్దుకుంటుంది. అది నవల ముగింపో, ఆవిడ సొంత లెక్కో అతనికి తేలదు. ఆ అనుమానాన్ని రచయిత విప్పకూడదు. ఘట్‌కేసర్ దాటాక ఇద్దరూ ఊరుకోవాలి.

సాయంత్రం షాపులో అదే నవల ఇంకో ప్రతి, అట్టలు చెదరకుండా దొరుకుతుంది. మర్నాడు కాజీపేటలో రైలెక్కి, దాన్ని తెరవకుండానే ఒళ్లో పెట్టుకుని, ఎదురు సీటు మీద రుమాలు వేస్తాడు.