ఖాళీ గడికి ఎన్ని మార్కులు?

ఎంసెట్ రాసినవాళ్లకు వెయిటేజీ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. చాలా ఏళ్లపాటు ప్రవేశపరీక్షకు 75, ఇంటర్ మార్కులకు 25 శాతం చొప్పున కలిపి ర్యాంకు తేల్చారు. రెజ్యూమేలను జల్లెడపట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఇదే దారిలో నైపుణ్యాలకు, అనుభవానికి, చదువుకు విడివిడిగా మార్కులు వేసి, వాటిని ఒక్క అంకెగా కలుపుతుంది.

ఈ ఆలోచన పాతదే. 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జోసెఫ్ ప్రీస్ట్లీకి ఉత్తరం రాస్తూ, కాగితం మధ్య గీత గీసి మంచీచెడూ చెరోవైపు రాయమని, ఒకదానికొకటి సరితూగేవి కొట్టేస్తూ పోతే చివరికి ఎటు మొగ్గో తెలుస్తుందని చెప్పాడు. రెండు శతాబ్దాల తర్వాత, 1979లో, రాబిన్ డాస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక విశేషం చూపించాడు. అంశాలు సరిగ్గా ఎంచుకుంటే చాలు, అన్నిటికీ సమాన వెయిటేజీ ఇచ్చినా ఈ కూడిక చాలా సందర్భాల్లో మనిషి అంచనాను మించుతుంది. అందుకే వెయిటేజీ యాభయ్యా, నలభై అయిదా అన్న తగువు నాకు పెద్దగా పట్టదు. అసలు చిక్కు ఖాళీల దగ్గరే.

నైపుణ్యాలకు 50, అనుభవానికి 30, చదువుకు 20 శాతం అనుకుందాం. ఒకామెకు నైపుణ్యాల్లో 80, అనుభవంలో 60 వచ్చాయి. చదువు ఊసే లేదు. ఖాళీని సున్నా అనుకుంటే 40కి 18 కలిపి 58. రాయకపోవడాన్ని చదువుకోకపోవడంగా లెక్కగట్టడం అన్యాయం.

గణాంక శాస్త్రవేత్త జాన్ గోవర్ 1971లో వస్తువుల మధ్య పోలికను కొలిచే సూత్రం ఇచ్చాడు. తెలియని అంశాన్ని లవంలోనూ హారంలోనూ వదిలేయడం అందులోని కిటుకు. ఇక్కడ అలాగే చేస్తే 58ని 0.8తో భాగించాలి, 72.5 వస్తుంది. న్యాయంగానే కనిపిస్తుంది, కానీ చదువులోనూ ఆమెకు 72.5 వచ్చినట్టు మనం ఒప్పుకున్నట్టే. చదువులో 40 మార్కులే వచ్చే మరొకరు ఉన్నదున్నట్టు రాస్తే, మిగతావి అవే అయినా, 66 దగ్గర ఆగిపోతారు. దాచినవాళ్లకు ఆరున్నర మార్కులు లాభం!

నేనైతే ఒక్క అంకె ఇవ్వను, రెండు హద్దులు ఇస్తాను. చదువుకు సున్నా వేస్తే 58, వంద వేస్తే 78. ఇంటర్వ్యూ పిలుపుకు కటాఫ్ 55 అయితే ఆ ఖాళీ వల్ల తేడా రాదు. 80 అయినా అంతే. 65 అయితే మాత్రం నిర్ణయం ఆ గడి మీదే ఆధారపడింది, కాబట్టి ఆమెను అడగాలి.

అడిగేముందు అసలు ఫైలు తెరిచి చూడాలి. రెండు వరుసలుగా రాసిన పీడీఎఫ్‌ను సాఫ్ట్‌వేర్ అడ్డంగా చదివితే, ఎడమ వరుసలోని డిగ్రీ కుడివైపు ఉద్యోగ వివరాల్లో కలిసిపోతుంది. ఒకే నమూనాలో వచ్చిన రెజ్యూమేలన్నిటికీ చదువు గడి ఖాళీగా ఉంటే, వాళ్లు రాయకపోవడం కాదు, సాఫ్ట్‌వేర్ చదవలేకపోయిందన్నమాట.