మూడు నెలల తర్వాత వచ్చే డాలరుకు ఈరోజే రేటు: ఫార్వర్డ్ కాంట్రాక్ట్ ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు?

ఆంధ్రప్రదేశ్ తీరం నుంచి అమెరికాకు వెళ్లే రొయ్యల వ్యాపారంలో ఖర్చంతా ముందు, ఆదాయం తర్వాత. చెరువు దగ్గర రైతుకు, ప్రాసెసింగ్ ప్లాంటులో కూలీలకు, ఐసుకు, కరెంటుకు రూపాయల్లో చెల్లించాలి. అమెరికా కొనుగోలుదారు డబ్బు మాత్రం డాలర్లలో, ఒప్పందాన్ని బట్టి రెండు మూడు నెలల తర్వాత వస్తుంది. ఈ మధ్యలో రూపాయి విలువ మారితే లాభం కాస్తా ఆవిరి కావచ్చు. దీనికి విరుగుడుగా ఎగుమతిదారులు బ్యాంకుతో చేసుకునేదే ఫార్వర్డ్ కాంట్రాక్ట్.

ఒక ఉదాహరణ చూద్దాం. లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు తీసుకున్న అంకెలివి. భీమవరంలోని ఒక ఎగుమతిదారుకు మూడు నెలల తర్వాత 2 లక్షల డాలర్లు రావాలి. సరుకు కొనుగోలు నుంచి ఓడ ఎక్కించేదాకా ఆయనకు అయిన ఖర్చు 1.66 కోట్ల రూపాయలు. ఈరోజు మార్కెట్లో డాలరు 85.50. దీన్ని స్పాట్ రేటు అంటారు. మూడు నెలల తర్వాత డాలరు 83కు దిగితే వచ్చేది సరిగ్గా 1.66 కోట్లు, అంటే లాభం సున్నా. అంతకంటే దిగితే నష్టమే.

ఆయన బ్యాంకుకు వెళ్లి, మూడు నెలల తర్వాత 2 లక్షల డాలర్లు అమ్ముతానని ఈరోజే ఒప్పందం చేసుకుంటారు. బ్యాంకు 85.90 రేటు ఇస్తుంది. ఆ రోజు మార్కెట్ ఎక్కడున్నా ఆయన చేతికి 1,71,80,000 రూపాయలు వస్తాయి. 5.80 లక్షల లాభం ఈరోజే ఖాయమైంది.

ఆ 40 పైసలు ఎక్కడివి?

ఈరోజు డాలరు 85.50 అయితే బ్యాంకు 85.90 ఎందుకిస్తుంది? రూపాయి పడిపోతుందని బ్యాంకు జోస్యం చెబుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇది వడ్డీ లెక్క.

ఎగుమతిదారు డాలర్లు మూడు నెలల తర్వాత ఇస్తానన్నారు కదా. బ్యాంకు ఈరోజే డాలర్లు అప్పు తెచ్చి, వాటిని మార్కెట్లో 85.50కు అమ్మి, వచ్చిన రూపాయలను మూడు నెలలు వడ్డీకి పెట్టగలదు. గడువు రోజున ఎగుమతిదారు ఇచ్చే డాలర్లతో ఆ అప్పు తీరిపోతుంది. డాలరు అప్పు మీద వడ్డీ ఏడాదికి 4.5 శాతం, రూపాయల మీద వచ్చే వడ్డీ 6.5 శాతం అనుకుంటే తేడా 2 శాతం. మూడు నెలలకు అది అర శాతం, అంటే డాలరుకు దాదాపు 42 పైసలు. బ్యాంకు తన వాటాగా 2 పైసలు ఉంచుకుని మిగిలిన 40 ఎగుమతిదారుకు ఇస్తుంది. ఈ అదనాన్నే ప్రీమియం అంటారు. భారత్, అమెరికా వడ్డీ రేట్ల మధ్య తేడా తగ్గితే ప్రీమియం కూడా తగ్గుతుంది.

రేటు పెరిగితే నష్టపోయినట్టేనా?

మూడు నెలల తర్వాత డాలరు 88 అయిందనుకుందాం. కాంట్రాక్ట్ లేకపోతే 1.76 కోట్లు వచ్చేవి. ఉన్నందువల్ల 4.20 లక్షలు తక్కువ. చాలామంది ఎగుమతిదారులు కాంట్రాక్టుకు దూరంగా ఉండేది ఈ బాధతోనే. రూపాయి ఎలాగూ దీర్ఘకాలంలో బలహీనపడుతోంది కాబట్టి ఆగితే మంచిదన్నది వారి వాదన.

అయితే వారికి డబ్బు అవసరమయ్యేది దీర్ఘకాలంలో కాదు, ఫలానా నెలలో. 2013లో మే నెలలో 54 దగ్గరున్న డాలరు ఆగస్టు 28 నాటికి 68 దాటింది. ఇంకా పెరుగుతుందని ఆగినవారు అక్టోబరుకల్లా దాన్ని 61-62 దగ్గర చూశారు. రొయ్యల్లో మిగిలే కొద్దిపాటి లాభంతో ఇలాంటి ఊగిసలాటను తట్టుకోవడం కష్టం.

అసలు చిక్కు రేటులో లేదు

ఫార్వర్డ్ కాంట్రాక్ట్ ఎగుమతిదారుకు హక్కు కాదు, బాధ్యత. ఆ తేదీకి అన్ని డాలర్లు ఇస్తానని ఆయన మాట ఇచ్చారు. కొనుగోలుదారు డబ్బు పంపినా పంపకపోయినా ఆ మాట నిలబడే ఉంటుంది.

2025 ఆగస్టు దీనికి మంచి పాఠం. ఆ నెల 7న భారత సరుకులపై అమెరికా 25 శాతం అదనపు సుంకం విధించింది. 27న మరో 25 శాతం తోడైంది. 29న డాలరు తొలిసారి 88 రూపాయలు దాటింది. ఆర్డర్లను ప్రశ్నార్థకం చేసిన పరిణామమే రూపాయిని కూడా దెబ్బతీసింది.

మన ఎగుమతిదారు ఆర్డరు అలాంటి సమయంలో రద్దయిందనుకుందాం. ఆయన దగ్గర డాలర్లు లేవు. బ్యాంకు కాంట్రాక్టును రద్దు చేస్తుంది. అంటే ఆయన 88కు కొని 85.90కు అమ్మినట్టు లెక్క కడుతుంది. డాలరుకు 2.10 చొప్పున 4.20 లక్షలు ఆయనే కట్టాలి. సరుకు అమ్ముడుపోలేదు, పైగా ఈ భారం.

ఆర్డరు రద్దు కాకుండా డబ్బు ఒక నెల ఆలస్యమైతే పరిస్థితి వేరు. పాత కాంట్రాక్టును రద్దు చేసి నెల గడువుతో కొత్తది తీసుకోవచ్చు. పాతదాని తేడా 4.20 లక్షలు ఇప్పుడే కట్టాలి. కొత్త రేటు ఉదాహరణకు 88.14 ఉంటుంది. డాలర్లు వచ్చాక 1,76,28,000 చేతికొస్తాయి. కట్టినది తీసేస్తే 1,72,08,000 మిగులుతుంది, అంటే దాదాపు మొదట అనుకున్న మొత్తమే. చివరికి నష్టం లేకపోయినా, ఆ నెల రోజులు 4.20 లక్షలు ఎక్కడి నుంచి తేవాలన్నదే సమస్య. చిన్న సంస్థలు ఇబ్బంది పడేది ఇక్కడే.

తేదీ మీద అనుమానం ఉంటే?

డబ్బు ఫలానా రోజునే వస్తుందని చెప్పలేనివారు ఒక్క తేదీకి బదులు కొంత వ్యవధి అడగవచ్చు. రెండో నెల చివరి నుంచి మూడో నెల చివరిలోపు ఏ రోజైనా డాలర్లు ఇచ్చేలా ఒప్పందం ఉంటుంది. ఈ వెసులుబాటుకు ధర ఉంది. ఎగుమతిదారు ముందే ఇచ్చేయవచ్చు కాబట్టి బ్యాంకు రెండు నెలల ప్రీమియమే లెక్క కడుతుంది. మన ఉదాహరణలో రేటు 85.90 నుంచి 85.76కు తగ్గుతుంది. 2 లక్షల డాలర్ల మీద 28 వేలు తక్కువ. ఆలస్యం అలవాటైన కొనుగోలుదారైతే ఇది పెద్ద ధర కాదు.

ఎంత మొత్తానికి కాంట్రాక్ట్ తీసుకోవాలన్నది కూడా ఇదే ప్రశ్నతో తేలుతుంది. సరుకు ఓడ ఎక్కి, కొనుగోలుదారు పాతవాడైతే దాదాపు మొత్తానికి తీసుకోవచ్చు. ఆర్డరు ఇంకా మాటల్లోనే ఉంటే, లేదా నాణ్యత పరీక్షల్లో సరుకు వెనక్కి వచ్చే అవకాశం ఉంటే, కచ్చితంగా వచ్చే భాగానికే పరిమితం కావాలి. డాలరు ఎక్కడికి వెళ్తుందన్నది బ్యాంకుకూ తెలియదు. తన కొనుగోలుదారు ఎప్పుడు, ఎంత పంపుతాడన్నది మాత్రం ఎగుమతిదారుకే ఎక్కువ తెలుసు. కాంట్రాక్ట్ మొత్తాన్ని నిర్ణయించాల్సింది ఆ సమాచారమే.