ఫండ్ ఊగిసలాటను కొలిచే అంకె

ఒక పెట్టుబడి ఇచ్చే రాబడి దాని సగటుకు ఎంత దూరంలో ఊగుతుందో చెప్పే అంకె స్టాండర్డ్ డీవియేషన్. లెక్కల పుస్తకాల్లో దీన్ని ప్రామాణిక విచలనం అంటారు. అంకె చిన్నదైతే రాబడి సగటును అంటిపెట్టుకుని ఉందని, పెద్దదైతే ఒక ఏడాది ఆకాశానికి, మరో ఏడాది పాతాళానికి పోతోందని అర్థం. 1952లో హారీ మార్కోవిట్జ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త రాబడితోపాటు ఈ ఊగిసలాటనూ లెక్కలోకి తీసుకోవాలని చూపించాక, పెట్టుబడి రిస్కుకు ఇదే వాడుక కొలత అయింది. ఇవాళ మ్యూచువల్ ఫండ్ కంపెనీలు నెలనెలా విడుదల చేసే ఫ్యాక్ట్‌షీట్‌లో ఇది కనిపిస్తుంది. కొత్తగా మదుపు చేసేవారు దాన్ని దాటేసి పక్కనే ఉన్న రాబడి శాతం మీదకు వెళ్లిపోవడం మామూలే.

రాబడి శాతం ఒక్కటే చూస్తే ఏం నష్టమో చిన్న లెక్కలో తేలిపోతుంది. ఒక ఫండ్ వరుసగా రెండేళ్లు పది శాతం చొప్పున పెరిగింది. ఇంకొకటి మొదటి ఏడాది 40 శాతం పెరిగి, రెండో ఏడాది 20 శాతం పడింది. రెండింటి సగటూ పదే. కానీ మొదటి దాంట్లో పెట్టిన లక్ష రూపాయలు 1,21,000 అయితే, రెండో దాంట్లో లక్షా నలభై వేలకు వెళ్లి 1,12,000కు దిగివస్తాయి. అంటే ఊగిసలాట మనసును కలవరపెట్టి ఊరుకోదు, జేబులోంచీ తొమ్మిది వేలు తీసుకుంటుంది.

ఇక అసలు లెక్క. నిఫ్టీ 50 సూచీ 2020లో 14.9 శాతం, 2021లో 24.1, 2022లో 4.3, 2023లో 20.0, 2024లో 8.8 శాతం పెరిగింది (ఇందులో డివిడెండ్లు కలపలేదు). వీటి సగటు సుమారు 14.4. ఒక్కో ఏడాది రాబడిలోంచి ఈ సగటును తీసేస్తే వరుసగా 0.5, 9.7, మైనస్ 10.1, 5.6, మైనస్ 5.6 వస్తాయి. వీటిని ఉన్నవి ఉన్నట్టు కూడితే ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి తినేసి దాదాపు సున్నాయే మిగులుతుంది. అందుకే ఒక్కోదాన్ని వర్గం చేసి కూడతారు. మొత్తం సుమారు 259. ఉన్నవి ఐదేళ్లే గనుక, అంటే పూర్తి చరిత్ర కాదు గనుక, ఐదుతో కాక ఒకటి తక్కువగా నాలుగుతో భాగిస్తారు. వచ్చిన 65కు వర్గమూలం దాదాపు 8. ఈ ఐదేళ్ల వార్షిక రాబడికి స్టాండర్డ్ డీవియేషన్ 8 శాతం అన్నమాట.

ఈ జాబితాలో 2020ని మరోసారి చూడాలి. సగటుకు అందరికన్నా దగ్గరగా ఉన్న ఏడాది అదే, తేడా అర శాతమే. లెక్క ప్రకారం ఆ ఐదేళ్లలో అంత ప్రశాంతమైన ఏడాది మరొకటి లేదు! నిజానికి ఆ ఏడాది మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం కూలి 7,610 దగ్గర ముగిసింది. అంతకు రెండు నెలల ముందు, జనవరిలో, అది పన్నెండు వేల పైన ఉంది. డిసెంబరు నాటికి పోయినదంతా తిరిగి రావడంతో వార్షిక అంకెలో ఆ గాయం ఆనవాలే మిగల్లేదు. రోజువారీ రాబడితో లెక్క కట్టి ఉంటే అదే 2020 ఆ ఐదేళ్లలో అతి భయంకరమైనదిగా తేలేది. కొలత ఒకటే, ఎంతెంత వ్యవధికి కొలిచారన్న దాన్ని బట్టి జవాబు తలకిందులైంది.

ఫండ్ ఫ్యాక్ట్‌షీట్లలో సాధారణంగా గత మూడేళ్ల నెలవారీ రాబడులు తీసుకుని, వచ్చిన అంకెను ఏడాదికి మారుస్తారు. మార్చడమంటే 12తో కాదు, 12 వర్గమూలమైన 3.46తో గుణించడం. నెలకు 4 శాతం ఊగే ఫండ్‌కు ఏడాది లెక్కలో సుమారు 14 శాతం వస్తుంది. ఒక ఫండ్ అంకె 4 అని, మరోదాని అంకె 14 అని ఉంటే, మొదటిది భద్రమని పొంగిపోయే ముందు అది నెలదా, ఏడాదిదా అని అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవాలి.

మూడేళ్ల గడువుతో వచ్చే మరో తిరకాసు ఉంది. 2020 మార్చి నెల మొత్తంలో నిఫ్టీ 23 శాతం పడింది. 2023 మార్చి ఆఖరుకు వచ్చేసరికి ఆ నెల మూడేళ్ల పరిధి దాటి బయటికి జారిపోయింది. దాంతో షేర్ల ఫండ్ల స్టాండర్డ్ డీవియేషన్ తగ్గిపోయింది. ఫండ్‌లో ఏమీ మారలేదు, మేనేజరు చేసిన గొప్పతనమూ లేదు, క్యాలెండరు ముందుకు కదిలిందంతే.

ఈ శాతాన్ని రూపాయల్లోకి మార్చుకుంటేనే మదుపరికి దాని బరువు తెలుస్తుంది. సగటు రాబడి 12, స్టాండర్డ్ డీవియేషన్ 16 ఉన్న ఒక షేర్ల ఫండ్‌ను ఊహించుకోవచ్చు. రాబడులు సగటు చుట్టూ గంట ఆకారపు వక్రరేఖలా పరుచుకుంటాయని అనుకుంటే, మూడింట రెండొంతుల ఏళ్లలో రాబడి మైనస్ 4కూ ప్లస్ 28కీ మధ్య ఉంటుంది. వందలో 95 ఏళ్లలో మైనస్ 20కీ ప్లస్ 44కీ మధ్య ఉంటుంది. కాబట్టి ఇందులో లక్ష పెట్టేవారు, ఏదో ఒక ఏడాది చివర ఎనభై వేలు కనిపించినా అమ్మేయకుండా ఉండగలమా అని ముందే తేల్చుకోవాలి. పైగా ఆ ఎనభై వేలు కూడా కిందిమెట్టు కాదు. నిజమైన మార్కెట్ గంట ఆకారాన్ని అంత బుద్ధిగా పాటించదు. 2008లో నిఫ్టీ 52 శాతం పడింది, మరుసటి ఏడే 76 శాతం లేచింది. పై లెక్క ప్రకారం ఇవి రెండూ తరాలు మారినా రాకూడనివి, వరుసగా వచ్చాయి.

ఆ 76 శాతం పెరుగుదల కూడా ఈ కొలత దృష్టిలో రిస్కే. వర్గం చేశాక ప్లస్సుకూ మైనస్సుకూ తేడా ఉండదు గదా! పడిపోవడాన్ని మాత్రమే లెక్కించే కొలతలు వేరే ఉన్నాయి. మార్కోవిట్జ్ స్వయంగా తర్వాత అలాంటి దాన్ని చర్చించాడు, కానీ వాడుకలో నిలిచింది మాత్రం ఇదే.

అసలు చిక్కు, ధర ఊగని చోట ఈ కొలతకు ఏమీ కనిపించకపోవడం. హైదరాబాద్ శివార్లలోని ప్లాటుకు రోజూ ధర కట్టేవారు లేరు కాబట్టి అది నిలకడగా ఉన్నట్టు అనిపిస్తుంది, అమ్మబోతే గానీ తెలియదు. కంపెనీలకు అప్పులిచ్చే డెట్ ఫండ్ల సంగతీ కొంత ఇలాంటిదే. వడ్డీ సక్రమంగా వస్తున్నన్నాళ్లూ అంకె చిన్నగా ఉంటుంది, అప్పు తీసుకున్నవాడు చేతులెత్తేసిన రోజే అసలు రిస్కు బయటపడుతుంది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్‌టన్ తన ఆరు డెట్ పథకాలను మూసేస్తున్నట్టు ప్రకటించింది. మదుపరుల సొమ్ము తర్వాత విడతలవారీగా వచ్చింది గానీ, అవసరానికి తీసుకునే వీలు మాత్రం ఆ రోజుతోనే పోయింది.

స్టాండర్డ్ డీవియేషన్‌ను ఒకే రకం ఫండ్ల మధ్య, ఒకే కాలానికి పోల్చడానికే వాడాలి. డెట్ ఫండ్ విషయంలోనైతే దానికన్నా ముందు, ఆ ఫండ్ ఎవరికి అప్పిచ్చిందో, వారి క్రెడిట్ రేటింగ్ ఏమిటో చూడాలి.