అమ్మ మందుల కబురు అన్నకీ చెల్లికీ

తెనాలిలోని తల్లితో శనివారం మాట్లాడిన కూతురు, డాలస్‌లోని అన్నకూ మెల్‌బోర్న్‌లోని చెల్లికీ "అమ్మ బాగానే ఉంది, మందులు వేసుకుంటోంది" అని వాట్సాప్‌లో రాసేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది.

"పొద్దున్నే షుగర్ బిళ్ళ వేసేసుకున్నానే. పూజయ్యి టిఫిన్ తినేసరికి పదైంది. మధ్యలో కాస్త చెమటలు పట్టాయి" అందామె. రాయాల్సింది ఈ వరసే: 'మన టైమ్ ఉదయం 7కి గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా., టిఫిన్ 10కి. మధ్యలో చెమటలు. షుగర్ చూసుకోలేదు.' తిండి ఆలస్యమైతే ఆ మందు షుగర్‌ని మరీ దించేయగలదు.

బిళ్ళ పేరు, మోతాదు మాత్రం వీడియోకాల్‌లో స్ట్రిప్ చూపించమని చదివి రాసుకోవాలి. "తెల్ల బిళ్ళ" అంటే చాలదు, బీపీదీ తెల్లగానే ఉండొచ్చు.

ఆఖర్న, ఎవరి పని ఏమిటో: 'డాక్టర్‌కి ఇప్పుడే నేను ఫోన్ చేస్తున్నా. మళ్ళీ చెమటలు పడితే వెంటనే షుగర్ చూసుకుని, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగమన్నా. మోతాదు మార్చమని ఎవరూ చెప్పొద్దు.'