క్లయింట్ ముందు 40 సెకన్లు

జులైలో హైదరాబాద్‌లో రాత్రి 8.30 అయినప్పుడు డాలస్‌లో ఉదయం 10 గంటలు. కొత్త ప్రాజెక్టు మొదలయ్యే ముందు అమెరికా క్లయింట్ జట్టు, మన జట్టు తొలిసారి కలుసుకునే కిక్‌ఆఫ్ కాల్ చాలాసార్లు ఇలాంటి వేళకే పడుతుంది. అటు ఆరుగురు, ఇటు ఎనిమిది మంది, గంట సమయం అనుకుందాం. తలా రెండు నిమిషాలు మాట్లాడితే దాదాపు అరగంట పరిచయాలకే సరిపోతుంది. అదే తలా 40 సెకన్లయితే పది నిమిషాల్లోపే అయిపోతుంది.

ఆ 40 సెకన్లలో ఏం చెప్పాలి? చాలామంది ఉద్యోగ ఇంటర్వ్యూలో చెప్పినట్టే చెబుతారు. పేరు, ఊరు, చదువు, తొమ్మిదేళ్ల అనుభవం, ఆపైన జావా, ఒరాకిల్ అంటూ వచ్చిన టెక్నాలజీలన్నీ. కానీ ఇంటర్వ్యూ ఎప్పుడో అయిపోయింది, కాంట్రాక్టు మీద సంతకాలూ అయిపోయాయి. ఎదురుగా ఉన్న క్లెయిమ్స్ విభాగం అధికారికి మీ డిగ్రీతో పని లేదు. రేపు ఏ సమస్య వస్తే మిమ్మల్ని పిలవాలో తెలిస్తే ఆవిడకు చాలు.

మన వాళ్లకు ముందు పేరు దగ్గరే చిక్కు. ఒక బీమా కంపెనీ పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారుతోందనుకుందాం. మన జట్టులో వెంకట సత్యనారాయణ ఉన్నాడు, వెంకట రమణ కూడా ఉన్నాడు. తెర మీద ఇద్దరికీ ముందు కనిపించేది వెంకటే. అమెరికా వాళ్లు పిలిచేది ఆ మొదటి మాటతోనే. ‘వెంకటా, ఇది చూస్తారా?’ అనగానే ఇద్దరూ మ్యూట్ తీస్తారు, లేదంటే ఇద్దరూ ఊరుకుంటారు. రెండోదే ఎక్కువ. అందుకే పిలవాల్సిన పేరు మొదటి వాక్యంలోనే, నెమ్మదిగా చెప్పాలి. కాల్‌కు ముందే తెర మీది పేరునూ అలాగే మార్చుకోవడం ఇంకా మంచిది.

సత్యనారాయణ చెప్పాల్సింది ఇంగ్లీషులోనే అయినా, సారం ఇలా ఉంటే బాగుంటుంది: ‘నన్ను సత్య అని పిలవండి. మీ పాత సిస్టమ్‌లోని క్లెయిమ్‌ల డేటాను కొత్తదానిలోకి తేవడం నా పని. ఇంతకుముందు ఇంకో బీమా సంస్థకూ ఇదే చేశాను. అక్కడ ఒకే పాలసీదారు పేరు రెండు మూడు చోట్ల ఉండటమే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నేను హైదరాబాద్ నుంచి పనిచేస్తాను, మీ మధ్యాహ్నం 12 దాకా దొరుకుతాను. మీ పాత టేబుల్స్ బాగా తెలిసిన వారితో ఈ వారమే ఓ అరగంట మాట్లాడాలి.’

ఇందులో ‘ఇంకో బీమా సంస్థ’ అన్నాడు గానీ పేరు చెప్పలేదు. పాత క్లయింట్ పేరు బయటపెట్టడం గోప్యత ఒప్పందానికి విరుద్ధం కావచ్చు. పైగా వినేవారికి, రేపు మా గుట్టూ ఇలాగే చెబుతాడేమో అనిపిస్తుంది. తొమ్మిదేళ్ల అనుభవం అనడం కన్నా ఆ పాలసీదారుల పేర్ల గొడవే అతనికి పని తెలుసని చెబుతుంది. చివర్లో అడిగిన అరగంటకు అక్కడికక్కడే అటునుంచి ఎవరో ఒకరు, ‘అది నాతో మాట్లాడండి’ అంటారు. పరిచయం వల్ల జరగాల్సిన పని అదే. (నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. సత్య పని వేళలు మారకపోతే అప్పుడు 12 కాస్తా 11 అవుతుంది. ఆ వారం మళ్లీ చెప్పాలి.)

కొత్తగా చేరిన అమ్మాయి అనుభవం లేదని సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, ఉన్నట్టు కల్పించనూ కూడదు. ‘సత్యతో పాటు పనిచేస్తున్నాను, రోజూ మీకు వచ్చే టెస్ట్ రిపోర్ట్ నేనే పంపుతాను’ అంటే చాలు.

వీడియో కాల్‌లో ఎవరి తర్వాత ఎవరన్నది ముందే అనుకోకపోతే ప్రతి ఇద్దరి మధ్యా ఇబ్బందికరమైన మౌనం. ఒకరు ముగిస్తూ తర్వాతివారి పేరు పిలిస్తే అది తీరుతుంది. అటువాళ్లు మాట్లాడేటప్పుడు మన వాళ్లలో సగం మంది తమ వంతుకు ఏం చెప్పాలా అని లోలోపల వల్లె వేసుకుంటూ ఉంటారు. నా దృష్టిలో తాను తడబడటం కన్నా ఇది పెద్ద పొరపాటు. అటువైపు ఎవరు నిర్ణయం తీసుకుంటారు, పని పూర్తయ్యాక ‘సరే’ అని సంతకం పెట్టేదెవరు, పాత సిస్టమ్ ఎవరికి తెలుసు? ఈ మూడు పేర్లూ రాసుకోవాలి.

మీ పరిచయం పనిచేసిందో లేదో మరుసటి వారం మెయిల్స్ చూస్తే తెలుస్తుంది. డేటా ప్రశ్నలు నేరుగా సత్యకు వస్తున్నాయంటే పనిచేసినట్టే. అన్నీ ఇంకా మేనేజర్‌కే వెళ్తుంటే మొహమాటపడకుండా, ఎవరు ఏ పని చూస్తారో నాలుగు వరుసల్లో రాసి క్లయింట్‌కు పంపండి.