బోరు మోటారు కాలింది, మీ వాటా 1,050 రూపాయలు

“కాలనీ బోరు మరమ్మతు నిమిత్తం ప్రతి ఇంటివారు 1,050 రూపాయలు వెంటనే చెల్లించగలరు. ఇట్లు, కార్యదర్శి.” చాలా కాలనీల్లో గేటు సందులోంచి లోపలికి వచ్చే ఉత్తరం ఇంతే ఉంటుంది. ఇచ్చే అలవాటున్నవాళ్లు దాన్ని చదవకుండానే ఇస్తారు. మిగతావాళ్లు మాత్రం మూడు మాటలు అడుగుతారు. మొన్ననే బాగుచేయించారు కదా, మళ్లీ ఎందుకు కాలింది? ఇంత ఖర్చెందుకైంది? మేం ఊళ్లోనే లేం, మేమెందుకివ్వాలి? ఈ మూడింటికీ జవాబు ముందే ఉత్తరంలో ఉంటే కార్యదర్శి గడప గడపకూ తిరగాల్సిన పని సగం తప్పుతుంది.

ఒక కాలనీని ఊహించుకుందాం. ఇళ్లు 20, వాటిలో కాలనీ బోరు కనెక్షన్ ఉన్నవి 18. బోరు లోతు 600 అడుగులు. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారును 400 అడుగుల దగ్గర దించారు. అంటే 20 అడుగుల పైపులు ఇరవై. ఒక రోజు పొద్దున్నే ట్యాంకు నిండలేదు. స్టార్టర్ నొక్కగానే ట్రిప్ అవుతోంది.

మోటారును పైకి తీయడమంటే లారీ, చైన్ పుల్లీ, నలుగురు మనుషులు, ఒక పూట పని. దిగువన తప్పు లేకుండా తీయించినా ఆ కూలి ఇవ్వాల్సిందే. అందుకే తెలిసిన మెకానిక్ ముందు పైనే చూస్తాడు. కరెంటు మూడు ఫేజులూ వస్తున్నాయా, ప్యానెల్లో రిలే, కాంటాక్టర్ బాగున్నాయా చూసి, తర్వాత మెగ్గర్‌తో కేబుల్‌కూ భూమికీ మధ్య ఇన్సులేషన్ కొలుస్తాడు. రీడింగ్ సున్నాకు పడిపోతే వైండింగ్ అయినా పోయినట్టు, నీళ్లలోని కేబుల్ జాయింటు అయినా పోయినట్టు. రెండింటికీ పైకి తీయక తప్పదు. “మెగ్గర్ పెట్టి చూశాకే తీయించాం” అన్న ఒక్క వాక్యం ఉత్తరంలో ఉంటే, తొందరపడి ఖర్చు పెట్టారన్న మాట రాదు.

ఎందుకు కాలిందన్నది మోటారు విప్పాక కాయిళ్లే చెబుతాయి. అన్నీ ఒకేలా నల్లబడితే మోటారు మీద భారం ఎక్కువైనట్టు: ఇసుక చేరి పంపు బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా వోల్టేజీ చాలా రోజులు తక్కువగా వచ్చి ఉండవచ్చు. కొన్ని నల్లగా మాడి, మిగతావి కొత్తవాటిలా ఉంటే అది సింగిల్ ఫేజింగ్. అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో లైన్‌లోనో ఒక ఫేజ్ పోయినా మోటారు ఆగకుండా మిగిలిన రెండింటి మీదే తిరగబోయి వేడెక్కి కాలిపోయింది. మన కాలనీలో జరిగింది ఇదే అనుకుందాం. ఫేజ్ పోగానే మోటారును ఆపే పరికరం, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, ప్యానెల్లో లేదు. అది పెట్టకుండా రీవైండింగ్ ఒక్కటే చేయిస్తే తర్వాతిసారి ఫేజ్ పోయిన రోజే మళ్లీ అదే ఉత్తరం రాయాలి. “మొన్ననే చేయించారు కదా” అన్న ప్రశ్నకు చాలాచోట్ల అసలు జవాబు ఇదే.

అప్పుడు ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“కాలనీ వాసులకు నమస్కారం. సోమవారం నుంచి మన బోరు పనిచేయడం లేదు. మెగ్గర్‌తో పరీక్షించాక మోటారును పైకి తీయించాం. ఒక ఫేజ్ పోవడం వల్ల వైండింగ్ కాలింది. కాలిన కాయిళ్ల ఫొటోలు, బిల్లులు నా దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. మోటారు తీసి దించినందుకు 6,000. పాత రాగి తీగ ధర మినహాయించాక రీవైండింగ్‌కు 7,500. బుష్‌లు, బేరింగ్, సీలుకు 1,900. తుప్పు పట్టి చిల్లులు పడిన రెండు పైపులకు బదులు కొత్తవి 3,000. ఇకమీదట ఇలా కాలకుండా ప్యానెల్లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ 2,600. నీళ్లు లేని రోజుల్లో మూడు ట్యాంకర్లు 3,600. మొత్తం 24,600. సంఘం నిధి నుంచి 6,000 తీశాం. మిగిలిన 18,600ను 18 కనెక్షన్లకు పంచితే ఒక్కో ఇంటికి 1,033 పైచిలుకు వస్తుంది. చిల్లర ఇబ్బంది లేకుండా 1,050 అడుగుతున్నాం. దానివల్ల మిగిలే 300 నిధిలో జమవుతుంది. దయచేసి ఈ నెల 15లోగా ఇచ్చి రసీదు తీసుకోగలరు. ఒకేసారి ఇవ్వడం కుదరనివారు నాతో ఒక మాట చెబితే రెండు వాయిదాల్లో తీసుకుంటాం.”

ఇందులో పాత రాగి తీగ ప్రస్తావన చిన్నదిగా కనిపిస్తుంది కానీ, వదలకూడనిది. కాలిన తీగకు పాత సామాను ధర వస్తుంది. రీవైండింగ్ షాపు దాన్ని ఉంచుకుని కూలి తగ్గిస్తుంది, లేదా తిరిగి ఇచ్చేస్తుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. రాయకపోతే అనుమానం అక్కడే పుడుతుంది.

ఇక వాటా సంగతి. నెల నెలా వచ్చే కరెంటు బిల్లు వాడకం కిందికి వస్తుంది, అద్దెకున్నవారు కట్టడం న్యాయం. మోటారు మరమ్మతు ఆస్తి కిందికి వస్తుంది కాబట్టి ఇంటి యజమాని ఇవ్వాలి. ఇల్లు తాళం వేసుకుని అమెరికాలో కొడుకు దగ్గరున్నవారూ ఇవ్వాలి, ఎందుకంటే వారు తిరిగొచ్చి కుళాయి తిప్పినా, ఇల్లు అమ్ముకున్నా ఆ బోరు వారి ఆస్తిలో భాగమే. సొంత బోరు ఉండి, కాలనీ లైన్‌ను అవసరానికి ఉంచుకున్నవారూ ఇంతే. కనెక్షనే తీసుకోని ఆ రెండిళ్లను అడగడం మాత్రం నా ఉద్దేశంలో తప్పు. “పక్కింట్లో నీళ్లుంటే మీకూ మేలే కదా” అని నచ్చజెప్పబోతే మాట మాట పెరగడం తప్ప ఫలితం ఉండదు.

విడి ఇళ్ల కాలనీలో సమాన వాటాకు ఆధారం సంఘం నిబంధనలు, సమావేశంలో చేసిన తీర్మానం. అపార్ట్‌మెంటులో పద్ధతి వేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం, ఉమ్మడి ఖర్చులను ఉమ్మడి స్థలంలో ఒక్కో ఫ్లాటుకున్న అవిభాజ్య వాటా ప్రకారం పంచుతుంది. కాబట్టి మూడు పడకగదుల ఫ్లాటువారు రెండు పడకగదుల వారికన్నా ఎక్కువ ఇవ్వాల్సి రావచ్చు. అందరూ కలిసి సమానంగా ఇచ్చుకుంటున్నచోట పేచీ లేదు. పేచీ వస్తే మాత్రం సేల్ డీడ్‌లోని వాటా చూడాల్సి వస్తుంది.

గడువు దాటినవారి పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టే కార్యదర్శులున్నారు. దానివల్ల ఒకరిద్దరు సిగ్గుపడి ఇస్తారేమో కానీ, ఇంకొందరు పంతం పట్టి తర్వాతి చందా కూడా ఆపేస్తారు. ఫోన్ చేసి విడిగా అడగడం మేలు.

పని అయిపోయాక ఒక పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోవాలి: మోటారు ఎన్ని అడుగుల దగ్గర ఉంది, ఎన్ని పైపులు, ఏ తేదీన దించారు, దించాక మోటారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంది. 5 హెచ్‌పీ మోటారు మామూలుగా 8 ఆంపియర్లకు అటూ ఇటూ తీసుకుంటుంది. మునుపటికన్నా అంకె బాగా పెరిగితే మోటారు బిగుసుకుంటోందని, బాగా తగ్గితే నీటిమట్టం పడిపోయి పంపు గాలి లాగుతోందని అనుమానించవచ్చు. నీళ్లు లేకుండా తిరుగుతున్నదైతే రీవైండింగ్ దాన్ని బాగుచేయలేదు. ఇంకా దిగువకు దించాలి లేదా కొత్త బోరు వేయాలి, కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

మీ ఇంటికి ఇలాంటి ఉత్తరం వస్తే మొత్తం ఎంతని చూసే ముందు ‘ఎందుకు కాలింది’ అన్న వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే కార్యదర్శిని అడగండి. జవాబు వచ్చాక మాత్రం వాటా ఆలస్యం చేయకండి, మెకానిక్‌కు డబ్బు ఆయన జేబులోంచే వెళ్లి ఉంటుంది.