రెండు మార్కుల జవాబు

మా చెల్లెలు వాళ్లు ఉప్పర్వాహిలో ఉంటారు. చంద్రపూర్ జిల్లా, సిమెంటు ఫ్యాక్టరీ ఊరు. తెలుగు కుటుంబాలు అక్కడక్కడా ఉన్నాయి. అదేమీ పరాయి దేశం కాదు లెండి. ఆ పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది.

మొన్న వెళ్లినప్పుడు పదో తరగతి చదివే మా మేనకోడలు తన పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. 'పారిశ్రామిక విప్లవానికి ఆర్థిక కారణాలు, సామాజిక ఫలితాలు వివరించండి' అన్నది ప్రశ్న. అయిదు మార్కులకు రెండే వచ్చాయి.

"పుస్తకంలో ఉన్నదంతా రాశాను మావయ్యా! జెన్నీ, ఆవిరి యంత్రం, మరమగ్గం, సంవత్సరాలతో సహా" అంది, కళ్లనీళ్లు ఆపుకుంటూ.

నిజమే, అన్నీ ఉన్నాయి. హార్‌గ్రీవ్స్, ఆర్క్‌రైట్, వాట్ అందరూ వరసగా నిలబడ్డారు. పంతులమ్మ పక్కన ఎర్రసిరాతో రెండే మాటలు రాసింది. కారణాల దగ్గర 'ఎందుకు?' అని, ఫలితాల దగ్గర 'ప్రజల జీవితం మెరుగుపడింది' అన్న వాక్యం కింద గీత గీసి 'ఎవరి జీవితం?' అని. ఆమె ఎవరో గాని నాకు చాలా నచ్చింది.

యంత్రాల జాబితా కారణం కాదు. ఆ యంత్రం పెట్టడం లాభసాటి ఎందుకయిందో చెప్తేనే ఆర్థిక కారణం చెప్పినట్టు. ముప్ఫయ్యేళ్లుగా అప్పుల దరఖాస్తులు చూస్తున్నవాణ్ణి కనుక నాకు ఈ సంగతి లెక్కలో చెప్పడమే చేతనవును. కాగితం తీసుకోమన్నాను. అంకెలు నావే, లెక్క తేలడానికి పెట్టుకున్నవి.

ఒక నూలు యంత్రం ధర ఆరు వేలు. అది ఏడాదికి నూరు రోజుల కూలి మిగులుస్తుంది. రోజుకూలి అరవై రూపాయలున్న దేశంలో మిగిలేది ఆరు వేలు, అంటే యంత్రం ఖరీదు ఏడాది తిరిగేసరికి వచ్చేసింది. రోజుకూలి పది రూపాయలున్న దేశంలో మిగిలేది వెయ్యి. నూటికి పన్నెండు వడ్డీకి ఆరు వేలు అప్పు తెస్తే మొదటి ఏడాది వడ్డీయే ఏడు వందల ఇరవై. అసలుకు జమపడేది రెండు వందల ఎనభై. ఏటా వెయ్యి కడుతూ పోయినా, పదేళ్లకు యంత్రం అరిగిపోయేనాటికి ఇంకా వెయ్యికి పైగా బాకీ ఉంటుంది.

"మరి రెండో దేశంవాడు ఆ యంత్రం కొనడేం?" అన్నాను.

"కొంటే మునుగుతాడు కదా!" అంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు ఆ మొదటి దేశం. అక్కడ కూలి ఎక్కువ, మన దేశంలో తక్కువ. మన నేతగాడికి తెలివి లేక యంత్రం కనిపెట్టలేదనే మాట ఇక్కడే తేలిపోతుంది. చరిత్రకారులు ఈ కూలిరేట్ల మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు గాని, స్కూలు జవాబుకి ఇంత చాలు.

రెండోది బొగ్గు. న్యూకమెన్ అనే ఆయన 1712లో గని నీళ్లు తోడడానికి ఆవిరి యంత్రం నిలబెట్టాడు. అది బొగ్గును విపరీతంగా మింగేది. దూరంనుంచి బండిమీద బొగ్గు తెచ్చి నడిపితే దివాలాయే. గని పక్కన, బొగ్గు చవగ్గా దొరికే చోట మాత్రం పనికొచ్చింది. అక్కడ నడుస్తూ నడుస్తూ మెరుగుపడింది. వాట్ 1769లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో బొగ్గు ఖర్చు బాగా తగ్గాక, అప్పుడు గని దాటి ఊళ్లోకొచ్చింది.

"మీ ఫ్యాక్టరీ ఇక్కడే ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

"సున్నపురాయి ఉంది కనక. బొగ్గు గనులూ దగ్గరే" అంది వెంటనే.

టన్ను సిమెంటుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. అంత రాయిని దూరం మోయడం కంటే ఫ్యాక్టరీనే రాయి దగ్గరికి తేవడం నయం. జంషెడ్జీ టాటా 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచిందీ ఇలాంటి లెక్కతోనే. చుట్టూ పత్తి, కింద వరోరా బొగ్గు. పిల్ల రోజూ కిటికీలోంచి చూసే సంగతే జవాబులో రాయడం తోచలేదు పాపం.

మూడోది మార్కెట్టు. ఇక్కడ మచిలీపట్నం కలంకారీ గుర్తు చేశాను. మన రంగుల అద్దకాలకి ఇంగ్లండులో ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి ఉన్నివాళ్లు గోలపెట్టి 1700లో అద్దకం గుడ్డల దిగుమతిని, 1721లో చాలామటుకు నూలుగుడ్డల అమ్మకాన్నీ వాడకాన్నీ చట్టంతో ఆపించారు. సరుకు మీద మోజు పోలేదు, మన సరుకు మాత్రం ఆగింది. ఆ ఖాళీలో వాళ్ల పరిశ్రమ పెరిగింది.

ఇక 'ఎవరి జీవితం?' అన్న ప్రశ్న. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త మారింది. మా తాత మగ్గం నేశాడు. మావాళ్లలో కొందరు భీవండి వెళ్లి మరమగ్గాల దగ్గర కూలికి నిలబడ్డారు.

ఇంగ్లండులో నూలు వడికే యంత్రాలు ముందొచ్చాయి, మరమగ్గం స్థిరపడటానికి మరో తరం పట్టింది. ఆ మధ్యకాలంలో నూలు చవగ్గా, సమృద్ధిగా దొరికేసరికి చేనేతవాళ్లకి మహర్దశ పట్టింది. ఉన్నవాళ్లు బాగుపడ్డారు, లేనివాళ్లు కూడా మగ్గం పట్టారు. ఒక దశలో వారి సంఖ్య సుమారు 2 లక్షల 40 వేలు. తరవాత మరమగ్గం వచ్చింది. కూలి సగానికి పైగా పడిపోయింది. చిత్రమేమిటంటే, పడిపోతున్నా చాలామంది మగ్గం వదల్లేదు. కూలి తగ్గినకొద్దీ ఇంకా ఎక్కువ గంటలు నేశారు. 1860ల నాటికి కొద్ది వేలమందే మిగిలారు. ఒకే యంత్రాల వరస ఒకే జనాన్ని ముందు ఎత్తి తరవాత పడేసింది. 'మంచి ఫలితాలు, చెడ్డ ఫలితాలు' అని రెండు గళ్లు గీస్తే ఈ సంగతి ఏ గడిలోనూ ఇమడదు. ఎప్పుడు, ఎవరికి అని రాయాలి.

మాంచెస్టర్ జనం 1801లో సుమారు 75 వేలు, 1851కి మూడు లక్షలు. ఇళ్లు, మురుగు కాలవలు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. చాడ్విక్ 1842 నివేదికలో మాంచెస్టర్ కూలి కుటుంబాల్లో చనిపోయినవారి సగటు వయసు 17. రట్లండ్ పల్లెల్లో అదే కూలివాళ్లకి 38.

"పదిహేడేళ్లకే అందరూ పోయేవారా?" అని పిల్ల బిత్తరపోయింది.

కాదు. పసిపిల్లలు ఎక్కువమంది పోతే సగటు అలా కిందికి లాగేస్తుంది. సగటును చూసి మోసపోకూడదని మా బ్యాంకులో కొత్త కుర్రాళ్లకీ చెప్తుంటాను. అయినా, అది పసిబిడ్డల చావు అని తెలిశాక ఆ అంకె ఇంకా బరువుగానే ఉంటుంది. 1833 చట్టం చాలామటుకు బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని పెట్టుకోకూడదంది. అంతకు ముందు పెట్టుకునేవారనేగా అర్థం!

రాత్రి భోజనాలయ్యాక పిల్ల మళ్లీ రాసింది. ఈసారి యంత్రాల పేర్లు రెండే ఉన్నాయి. కూలి, బొగ్గు, మార్కెట్టు మూడు పేరాలు. నేతగాళ్లది పెద్ద పేరా. చివర 'ప్రజల జీవితం మెరుగుపడింది' అని రాసి, కొట్టేసి, 'మిల్లు యజమానులకు త్వరగా, కూలీల మనవలకు ఆలస్యంగా' అని దిద్దింది. నేనేమీ చెప్పలేదు.

మా చెల్లెలు ఆ కాగితం తీసుకుని చదివి, "అన్నయ్యా, మన తాత సంగతి ఇందులో రాయించావా?" అంది.

"లేదమ్మా, ఆ పేరా దానిదే" అన్నాను.